బెల్లం, తేనె, చక్కెర: ఏది మంచిది?

వీపనగండ్లలో ఏ కిరాణా దుకాణానికి పోయినా మూడు తీపి వస్తువులు కనపడతాయి. సంచిలో తెల్ల చక్కెర ఉంటుంది. దాన్ని మన పెద్దోళ్లు శక్కరి అంటారు. పక్కన బెల్లం ఉంటుంది. పై అరలో సీసాల్లో తేనె ఉంటుంది. చక్కెర అన్నిటికంటే చౌక. బెల్లం కొంచెం ఎక్కువ. తేనె ధర అడగాలంటేనే భయం.

ఈ మూడింటి గురించి మనం రోజూ కొన్ని మాటలు వింటాం.

"శక్కరి తెల్ల విషం. ముట్టొద్దు."

"బెల్లం తింటే రక్తం పడుతుంది."

"షుగర్ బీమారి ఉన్నోళ్లు బెల్లం తినొచ్చు."

"తేనె మందు. పసిపిల్లలకు కూడా నాకించొచ్చు."

అక్కలారా, ఈ మాటల్లో కొన్ని సగం నిజం. కొన్ని అసలు నిజం కావు. రెండు మాటల వల్ల ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే ఒక్కొక్కటి నిదానంగా చూద్దాం.

చెరకు ఒక్కటే, దారులు రెండు

బెల్లం, చక్కెర రెండూ చెరకు బిడ్డలే. మన రాష్ట్రంలో కామారెడ్డి, జహీరాబాద్ దిక్కు చెరకు ఎక్కువ. పక్క రాష్ట్రంలో అనకాపల్లి బెల్లానికి పెద్ద పేరు.

బెల్లం ఎట్లా వండుతారు? చెరకును గానుగలో ఆడించి రసం తీస్తారు. రసాన్ని వడగట్టి పెద్ద ఇనుప పెనంలో పోస్తారు. కింద చెరకు పిప్పితోనే మంట పెడతారు. రసం కాగేటప్పుడు పైకి మురికి నురుగు వస్తుంది. కొంచెం సున్నం వేస్తే ఆ మురికి విడిపోతుంది. కొందరు బెండ చెట్టు జిగురు కూడా వేస్తారు. నురుగును గరిటెతో తీసి పారేస్తారు. నీళ్లు ఇగిరి పాకం చిక్కబడ్డాక దించి, కలియబెట్టి, అచ్చుల్లో పోస్తారు. చల్లారితే బెల్లం. వంద కిలోల చెరకు ఆడిస్తే సుమారు పది కిలోల బెల్లం వస్తుంది.

చక్కెర ఫ్యాక్టరీలో కూడా ముందు ఇదే పని. రసం తీస్తారు, సున్నం వేస్తారు. గంధకం పొగ పట్టించి రసాన్ని తెల్లబరుస్తారు. కాగబెట్టి చిక్కబరుస్తారు. ఆ తర్వాత దారి మారుతుంది. చిక్కటి పాకంలో పలుకులు కడతాయి. ఆ పాకాన్ని ఒక గుండ్రటి యంత్రంలో వేసి జోరుగా తిప్పుతారు. నల్లటి మడ్డి బయటికి పోతుంది. తెల్ల పలుకులు లోపల మిగులుతాయి. అదే చక్కెర.

అంటే బెల్లంలో ఆ మడ్డి ఉంటుంది, చక్కెరలో ఉండదు. తేడా అంతే. మడ్డిలో కొంచెం ఇనుము, కొంచెం సున్నం, ఇంకా కొన్ని ఖనిజాలు ఉంటాయి. బెల్లానికి ఆ రంగు, ఆ వాసన కూడా మడ్డి నుంచే వస్తాయి.

మరి తేనె? పువ్వుల్లో ఉండే తీపి నీళ్లను తేనెటీగ పీల్చి తెస్తుంది. పట్టులో దాచి, రెక్కలతో విసిరి ఆరబెడుతుంది. ఆ తీపి నీళ్లలో ఉన్నది కూడా చక్కెరే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక వస్తువును పది భాగాలు చేశామనుకోండి. చక్కెరలో పదికి పది భాగాలూ చక్కెరే. బెల్లంలో సుమారు తొమ్మిది భాగాలు చక్కెర, మిగిలిన ఒక భాగం నీళ్లు, మడ్డి. తేనెలో సుమారు ఎనిమిది భాగాలు చక్కెర, రెండు భాగాలు నీళ్లు.

చూశారా? మూడింటి పేర్లు వేరు. ఒంట్లోకి పోయేది మాత్రం ముఖ్యంగా ఒక్కటే.

ఇంకొక్క సంగతి తెలుసుకుంటే మిగతా పాఠం తేలిక. చక్కెర అంటే రెండు చిన్న చక్కెరలు చేయి చేయి పట్టుకున్న జంట. ఒకదాని పేరు గ్లూకోజ్, రెండో దాని పేరు ఫ్రక్టోజ్. మనం తిన్నాక పేగులో ఆ జంట విడిపోతుంది. విడిపోయిన గ్లూకోజ్ రక్తంలో కలుస్తుంది. బెల్లంలో కూడా ఇదే జంట. తేనెలో అయితే తేనెటీగే ముందుగా ఆ జంటను విడగొట్టి పెడుతుంది. మన పేగుకు ఒక పని తప్పింది, అంతే. 

బెల్లంతో రక్తం పడుతుందా?

ఇది మన ఇండ్లలో పాత మాట. కోడలు నెల తప్పితే అత్తమ్మ బెల్లం, పల్లీలు పెడుతుంది. మన వనపర్తి దిక్కు పల్లీలకు కరువు లేదు. బాలింతకూ బెల్లమే. అందులో ప్రేమ ఉంది. కానీ ఎంత రక్తం పడుతుందో లెక్క వేసి చూడాలి.

రక్తం ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్ల. దాన్ని తయారు చేయడానికి ఒంటికి ఇనుము కావాలి. ఇనుము చాలకపోతే రక్తం పలచబడుతుంది. ఆయాసం వస్తుంది. కాళ్లు గుంజుతాయి. కండ్ల కింది రెప్ప లోపల తెల్లగా అవుతుంది. గర్భిణికి రక్త పరీక్షలో 11 కంటే తక్కువ వస్తే రక్తం తక్కువ ఉన్నట్టు. 7 కంటే తక్కువ వస్తే కాన్పు సమయంలో ప్రాణానికి ప్రమాదం. 2019 నుంచి 2021 వరకు దేశమంతా ఇంటింటి ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణ ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువ అని అందులో తేలింది. కాబట్టి ఇది ఎవరో ఒకరి ఇంటి సంగతి కాదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో తినే వస్తువులను పరీక్షించి, దేంట్లో ఏముందో ఆ సంస్థ పుస్తకం వేసింది. పాత పుస్తకంలో బెల్లంలో ఇనుము తక్కువగా రాసి ఉంది. 2017 నాటి పుస్తకంలో దాదాపు రెట్టింపు ఉంది. ఇందులో వింత లేదు. చెరకును బట్టి, వండిన పెనాన్ని బట్టి బెల్లంలో ఇనుము మారుతుంది. మనం బెల్లం పక్షానే ఉందాం. ఎక్కువ అంకెనే తీసుకుందాం. 100 గ్రాముల బెల్లంలో 5 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు.

ఇప్పుడు ఒక గర్భిణిని అనుకుందాం. ఆమెకు రోజుకు తిండి నుంచి 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలి.

అత్తమ్మ రోజూ ఒక బెల్లం ముక్క పెడుతుంది. ముక్క బరువు 20 గ్రాములు. అంటే చిన్న నిమ్మకాయంత కూడా ఉండదు. అందులో ఇనుము ఎంత? 100 గ్రాములకు 5 అయితే, 20 గ్రాములకు 1. అంటే ఒక ముక్కకు 1 మిల్లీగ్రాము.

కావలసింది 27. ముక్కలు ఎన్ని తినాలి? 27 ముక్కలు. 27 ముక్కల బరువు 540 గ్రాములు. అరకిలో దాటింది!

రోజుకు అరకిలో బెల్లం ఎవరు తింటారు? తిన్నా, ఆ రోజుకు కావలసిన శక్తి అంతా బెల్లం నుంచే వస్తుంది. ఇక రొట్టె, పప్పు, గుడ్డు ఎక్కడ తింటుంది? కడుపులో బిడ్డ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. బెల్లంలో అవి లేనట్టే.

మరి ఇనుము ఎక్కడుంది? సజ్జల్లో ఉంది. 100 గ్రాముల సజ్జ పిండితో రెండు రొట్టెలు అవుతాయి. ఆ రెండు రొట్టెల్లో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంటే ఆరు బెల్లం ముక్కలతో సమానం. పైగా కడుపు నిండుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో కూడా ఇనుము ఉంది. మాంసం తినేవాళ్లకు కార్జం చాలా మంచిది. మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరల ఇనుము కంటే బాగా ఒంటబడుతుంది. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరల ఇనుము కూడా బాగా పడుతుంది. అన్నం తినంగనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. ఒక గంట ఆగి తాగాలి.

ఇప్పుడు దవాఖానలో ఇచ్చే ఎర్ర గోలీ సంగతి. ఒక్క గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పన్నెండు వందల గ్రాముల బెల్లం ఎంతో, ఆ చిన్న గోలీ అంత! నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు మింగాలి. కాన్పు అయ్యాక ఇంకో 180 రోజులు. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు రోజుకు రెండు మింగమని డాక్టర్ చెప్తారు.

చాలామంది నాలుగు రోజులు మింగి అటక మీద పడేస్తారు. కారణం లేకపోలేదు. కడుపులో తిప్పుతుంది. మలబద్ధకం అవుతుంది. దొడ్డికి నల్లగా పోతుంది. నల్లగా పోతే భయపడొద్దు. ఒంటికి పట్టని ఇనుము అట్లా బయటికి పోతుంది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక మింగి పడుకోండి. కాల్షియం గోలీతో కలిపి మింగొద్దు. అది పగలు, ఇది రాత్రి. చాయ్‌తో అసలే వద్దు.

పల్లీ పట్టీ తినొద్దని కాదు. పల్లీల్లో మాంసకృత్తులు ఉన్నాయి, మంచి తిండే. బెల్లం దానికి రుచి ఇస్తుంది. కోడలికి పల్లీ పట్టీ పెట్టండి. రాత్రి గోలీ మింగిందా లేదా అని కూడా అడగండి. కోడలికి ఏడు నెలలు నిండేసరికి రక్త పరీక్షలో అంకె పెరగాలి. ఏ ముద్ద పనిచేసిందో ఆ అంకె చెప్తుంది.

అవ్వకు షుగర్ ఎందుకు పెరిగింది?

ఈ మాటలు ఏ సబ్ సెంటర్ అరుగు మీదైనా వినపడతాయి. ఒక అవ్వ షుగర్ పరీక్షకు వచ్చింది. నర్సమ్మ చీటీ చూసింది.

"అవ్వా, పోయిన నెల కంటే షుగర్ పెరిగింది. గోలీలు మింగుతలేవా?"

"మింగుతున్న బిడ్డా. ఒక్క పూట గూడ తప్పలే."

"మరి తీపి తింటున్నవా?"

"అయ్యో, శక్కరి ముట్టక రెండు నెలలాయె. బెల్లం చాయ్ తాగుతున్న. బెల్లానికి షుగర్ రాదంట గద!"

"రోజుకు ఎన్నిసార్లు తాగుతవ్ అవ్వా?"

"ఎన్నిసార్లంటే... పొద్దున రెండు, మాపటికి రెండు."

"ఎంత బెల్లం ఏస్తవ్?"

అవ్వ బొటనవేలు, చూపుడు వేలు కలిపి గుండ్రంగా చూపెట్టింది. "ఇగో, ఇంత ముక్క. బెల్లం తక్కువైతే చాయ్ చప్పగ ఉంటది బిడ్డా."

నర్సమ్మ ఆ ముక్క బరువు 15 గ్రాములని లెక్క కట్టింది. మనం కూడా అవ్వ చాయ్ లెక్క వేద్దాం.

ముందు చక్కెర చాయ్. గిలాసకు రెండు చెంచాలు. ఒక చెంచా చక్కెర 5 గ్రాములు. గిలాసకు 10 గ్రాములు. నాలుగు గిలాసలకు 40 గ్రాములు.

ఇప్పుడు బెల్లం చాయ్. గిలాసకు 15 గ్రాములు. నాలుగు గిలాసలకు 60 గ్రాముల బెల్లం. బెల్లంలో పదికి తొమ్మిది భాగాలు చక్కెర. కాబట్టి 60 గ్రాముల బెల్లంలో 54 గ్రాముల చక్కెర.

ముందు 40. ఇప్పుడు 54. అవ్వ చక్కెర మానలేదు. పేరు మార్చి ఇంకా ఎక్కువ తిన్నది.

ఇందులో అవ్వ తప్పు ఏముంది? బెల్లం చక్కెరంత తియ్యగా ఉండదు. కాబట్టి చెయ్యి దానంతట అదే ఇంకో చిన్న ముక్క వేస్తుంది. పైగా "ఇది మంచిదే" అన్న ధీమా ఉంటుంది. ఆ ధీమాతో గిలాసలు కూడా పెరుగుతాయి. చక్కెర తినేటప్పుడు భయం ఉంటుంది, భయంతో చెయ్యి ఆగుతుంది. బెల్లం దగ్గర ఆ భయం పోయింది. నన్నడిగితే బెల్లంతో వచ్చే అసలు నష్టం ఇదే.

తేనె సంగతీ అంతే. బరువులో చూస్తే తేనెలో చక్కెర తక్కువ, ఎందుకంటే నీళ్లున్నాయి. కానీ మనం తేనెను తూచి తినం, చెంచాతో తింటాం. తేనె బరువైన వస్తువు. ఒక చెంచా చక్కెర 5 గ్రాములైతే, ఒక చెంచా తేనె 7 గ్రాములు. అందులో చక్కెర 5 గ్రాములకు పైనే. చెంచాకు చెంచా లెక్కలో తేనె ఏమీ తక్కువ తినలేదు!

అందుకే షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, తేనె కూడా చక్కెర లెక్కలోనే చూసుకోవాలి. గర్భిణులకు కూడా కొందరికి షుగర్ వస్తుంది. దవాఖానలో గ్లూకోజ్ నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. షుగర్ ఉందని తేలితే ఆ కోడలికి రక్తం పేరు చెప్పి బెల్లం పెట్టొద్దు.

అయితే ఒక్క సమయంలో షుగర్ ఉన్నవాళ్లకు చక్కెరే మందు. గోలీ మింగి, లేదా సూది వేసుకొని, తిండి తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. కండ్లు తిరుగుతాయి. మాట తడబడుతుంది. పొలం పని రోజుల్లో పొద్దున గోలీ వేసుకొని, సద్ది తినకుండా పోయినవాళ్లకు ఇట్లా జరుగుతుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. చక్కెర తొందరగా కరుగుతుంది, కాబట్టి అదే మేలు. పావుగంట చూసి, తగ్గకపోతే మళ్లీ అంతే తాగించాలి. తగ్గాక తిండి పెట్టాలి. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

"తెల్ల విషం" అన్న మాట ఇక్కడ అబద్ధమైంది కదా! చక్కెర విషం కాదు. దానిలో తీపి తప్ప వేరే సత్తువ లేదు, అంతే. ఎక్కువైతే బరువు పెరుగుతుంది, పండ్లు పుచ్చుతాయి. ఆ పని బెల్లం కూడా చేస్తుంది. పండ్ల సందుల్లో బెల్లం జిగటగా అంటుకుంటుంది కూడా.

తేనె, పసిబిడ్డ

మనకు తూర్పున కొల్లాపూర్ దాటితే నల్లమల అడవి. అక్కడ చెంచులు తరతరాలుగా తేనె తీస్తారు. తాళ్లు కట్టుకొని ఎత్తైన చెట్లు ఎక్కుతారు, కొండ చరియల్లో దిగుతారు. పొగ పెట్టి ఈగలను లేపుతారు. ప్రాణం అరచేతిలో పెట్టుకొని చేసే పని అది. వాళ్ల తేనెను, అడవి సరుకులను కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది.

అంత కష్టపడి తెచ్చిన తేనెకు మన ఇండ్లలో గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే బిడ్డ పుట్టంగనే నాలుక మీద ఒక చుక్క తేనె రాస్తారు. ఇది చేయొద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా వద్దు.

ఎందుకని? మట్టిలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది. దాని విత్తనాల వంటివి ఒక్కోసారి తేనెలో చేరతాయి. పెద్దవాళ్ల పేగులో అవి మొలవలేవు. పసిబిడ్డ పేగు ఇంకా లేతది. అక్కడ అవి మొలిచి విషం పుట్టిస్తాయి. ఆ జబ్బు పేరు బొటులిజం. ముందు బిడ్డకు దొడ్డి బిగుస్తుంది. తర్వాత పాలు గట్టిగా పీల్చలేదు. ఏడుపు సన్నబడుతుంది. కనురెప్పలు వాలిపోతాయి. మెడ నిలవదు. ఊపిరి కూడా ఆగవచ్చు. ఈ జబ్బు అరుదే. కానీ ఏ సీసాలో ఆ విత్తనం ఉందో కంటికి కనపడదు. తేనె రుచిలో తేడా ఉండదు. ఇంట్లో కాచినా అది చావదు. అసలు సిసలు అడవి తేనె అయినా, దుకాణం తేనె అయినా భయం ఒక్కటే.

బిడ్డ నోట్లో ముందుగా పడాల్సింది తల్లి ముర్రుపాలు. ఆరు నెలలు తల్లిపాలే. తేనె వద్దు, బెల్లం నీళ్లు వద్దు, చక్కెర నీళ్లు కూడా వద్దు. ఆ ఇంటి ఆచారాన్ని తప్పించుకోలేకపోతే, ఆ చుక్కను బిడ్డ మేనత్త నాలుక మీద రాయండి. ఆమెకు ఏమీ కాదు!

ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వస్తే పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వచ్చు. గొంతు మెత్తబడి రాత్రి దగ్గు కొంత తగ్గుతుంది.  దగ్గుతో పాటు జ్వరం ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా తేనె నమ్ముకొని కూర్చోవద్దు. వెంటనే దవాఖానకు పోవాలి.

ఇక అసలు తేనె, కల్తీ తేనె. నీళ్లలో చుక్క వేస్తే కిందికి దిగాలంటారు. వత్తికి రాసి కాలిస్తే మండాలంటారు. చీమలు పట్టొద్దంటారు. ఈ పరీక్షలు నమ్మతగినవి కావు. చిక్కటి చక్కెర పాకం కూడా నీళ్లలో కిందికి దిగుతుంది. 2020 డిసెంబర్‌లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ అనే సంస్థ 13 కంపెనీల తేనెలు పరీక్ష చేయించింది. అన్ని పరీక్షల్లో నెగ్గినవి మూడే. మిగతా వాటిలో చక్కెర పాకం కలిపినట్టు ఆ సంస్థ చెప్పింది. ఆ కల్తీని పట్టడానికి విదేశంలో పెద్ద యంత్రం కావలసి వచ్చింది. మన వేలి పరీక్షకు అది దొరుకుతుందా? చలికాలంలో సీసాలో తేనె పలుకులుగా గడ్డకడితే మాత్రం కల్తీ అనుకొని పారేయకండి. మంచి తేనె కూడా గడ్డకడుతుంది. సీసాను వేడి నీళ్లలో పెడితే మళ్లీ కరుగుతుంది.

ఏ బెల్లం కొనాలి?

సమ్మక్క సారక్క జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. అందుకేనేమో దుకాణంలో కూడా మన కన్ను బంగారం రంగు బెల్లం మీదికే పోతుంది. ఆ రంగు చెరకుది కాకపోవచ్చు. పాకం తెల్లబడాలని కొందరు అందులో హైడ్రోస్ అనే మందు వేస్తారు. అది గంధకం మందు. మోతాదు మించితే కడుపులో మంట పుడుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. మందు వేయని బెల్లం మామూలుగా ముదురు గోధుమ రంగులో ఉంటుంది. కొద్దిగా గిలాసెడు నీళ్లలో కరిగించి చూడండి. అడుగున తెల్లటి పిండి, ఇసుక మిగిలితే ఆ దుకాణంలో మళ్లీ కొనకండి. వానకాలంలో బెల్లం చెమ్మగిల్లి బూజు పడుతుంది. గాలి పోని డబ్బాలో పెట్టండి. పుల్లటి వాసన వస్తే వాడొద్దు.

రోజుకు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. పెద్దవాళ్లు పైనుంచి కలుపుకొనే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటొద్దు. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. 25 గ్రాములంటే ఐదు చెంచాలు. ఈ లెక్కలో తేనెలో ఉన్న చక్కెరను, బెల్లంలో ఉన్న చక్కెరను కూడా కలిపే చూడాలి. పండ్లలో, పాలలో పుట్టుకతో ఉండే తీపిని మాత్రం కలపలేదు.

రెండు గిలాసల చాయ్‌కి నాలుగు చెంచాలు. అంటే ఇంకా ఒక్క చెంచా మిగిలింది. పండుగ నాడు బచ్చాలు తింటాం, బతుకమ్మ నాడు మలీద తింటాం. ఆ ఒక్కనాటి తీపితో ఏమీ కాదు. రోజూ పడే చెంచానే లెక్క పెట్టుకోవాలి. గిలాసకు రెండు చెంచాలు వేసేవాళ్లు ఒక వారం ఒకటిన్నర వేసి చూడండి. తర్వాతి వారం ఒకటి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. ఐదుగురు తాగే ఇంట్లో మనిషికి రోజుకు రెండు చెంచాలు తగ్గితే, రోజుకు 50 గ్రాములు మిగులుతుంది. నెలకు కిలోన్నర. మీ ఊరి ధర వేసి, ఎన్ని రూపాయలో మీరే గుణించండి. ఆ పైసలకు ఎన్ని గుడ్లు వస్తాయో కూడా చూడండి.

ఈ మధ్య దుకాణాల్లో కొత్త ప్యాకెట్లు వస్తున్నాయి. ముందు వైపు పెద్ద అక్షరాలతో "బెల్లంతో చేసినది", "తేనె కలిపినది" అని ఉంటుంది. ప్యాకెట్ తిప్పి వెనక వైపు చూడండి. అక్కడ చిన్న గళ్ల పట్టీ ఉంటుంది. 100 గ్రాములకు ఎంత చక్కెర అని అందులో రాస్తారు. మాటలు ఇంగ్లీషులో ఉంటే చదువుకునే పిల్లలను అడగండి. అంకెలు మనమే చదవగలం. ఒక బిస్కెట్ ప్యాకెట్ బరువు 60 గ్రాములనుకోండి. గళ్లలో చక్కెర దగ్గర 25 అని ఉందనుకోండి. 100 గ్రాములకు 25 అయితే, 60 గ్రాములకు 15. మూడు చెంచాలు. ఆ ఒక్క ప్యాకెట్‌తోనే పెద్దవాళ్ల ఐదు చెంచాల్లో మూడు అయిపోయినట్టు. బిడ్డ చేతిలో పెట్టే ముందు ఆ అంకె చూడండి.